మూడు కౌంటర్లా, నాలుగా?

రోజుకు 180 మంది ఖాతాదారులు వచ్చే బ్యాంకు శాఖ ఒకటి ఉందనుకుందాం. లావాదేవీల వేళలు పది నుంచి నాలుగు దాకా, ఆరు గంటలు. ఒక్కొక్కరి పనికి కౌంటర్లో సగటున 4 నిమిషాలు పడుతుంది. మేనేజర్ గారు కాగితం మీద వేసుకునే లెక్క ఇలా ఉంటుంది: 180 మందికి నాలుగేసి నిమిషాలంటే 720 నిమిషాలు, అంటే 12 గంటల పని. మనిషి ఆరు గంటలు కూర్చుంటే ఇద్దరితో సరిపోతుంది. ఎందుకైనా మంచిదని మూడో కౌంటరు కూడా తెరిచారు. పనికి మించి సగం మంది ఎక్కువే ఉన్నట్టు.

అయినా ఉదయం పదకొండుకు హాల్లో కూర్చోవడానికి కుర్చీ ఉండదు. పాస్‌బుక్కులూ విత్‌డ్రాయల్ ఫారాలూ పట్టుకుని నిలబడ్డవాళ్లు గడియారం వైపు, కౌంటర్ల వైపు మార్చి మార్చి చూస్తుంటారు. “ఇంకో కౌంటరు తెరవచ్చుగా” అని ఒకరు గొంతు పెంచుతారు. మూడు గంటలకు అదే హాలు ఖాళీ. అప్పుడొచ్చినవాళ్లకు క్లర్కులు ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తారు. మేనేజర్ లెక్కలో గుణకారం తప్పలేదు. కానీ ఆ లెక్క అడగాల్సిన ప్రశ్నను అడగలేదు. రోజంతా కలిపి పని ఎంత అన్నది ఒక సంగతి, ఒక మనిషి ఎంతసేపు నిలబడాలి అన్నది వేరే సంగతి. మొదటిదానికి గుణకారం చాలు. రెండోదానికే క్యూ సిద్ధాంతం కావాలి.

ఈ సిద్ధాంతం పుట్టింది బ్యాంకులో కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చేరాడు. ఫోన్లు ఎప్పుడు మోగుతాయో తెలియదు, ఎంతసేపు మాట్లాడతారో తెలియదు. మరి ఎన్ని లైన్లు వేయాలి, ఎంతమంది ఆపరేటర్లను కూర్చోబెట్టాలి? 1909లో ఆయన కాల్స్ రాకలో ఉన్న యాదృచ్ఛికతను లెక్కకు లొంగదీశాడు. 1917లో అచ్చయిన వ్యాసంలో, ఇన్ని లైన్లుంటే వేచి ఉండాల్సిన అవకాశం ఎంత, సగటున ఎంతసేపు అని చెప్పే సూత్రాలిచ్చాడు. ఫోన్ చేసేవారి స్థానంలో ఖాతాదారులను, ఆపరేటర్ల స్థానంలో క్లర్కులను పెడితే ఆ సూత్రం బ్యాంకు హాల్లోనూ పనిచేస్తుంది.

సూత్రానికి మూడే సంగతులు కావాలి: గంటకు ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతోంది, ఎన్ని కౌంటర్లు తెరిచి ఉన్నాయి. చేతితో కడితే కొంచెం పొడుగు లెక్కే గానీ, స్ప్రెడ్‌షీట్‌లో నాలుగైదు గడుల పని.

మన శాఖకే వద్దాం. టోకెన్ మెషీన్‌లోంచి నెల రోజుల వివరాలు తీసి, పావుగంటకొకసారి ఎంతమంది వచ్చారో పేర్చి చూస్తే అసలు బొమ్మ బయటపడుతుంది. 180 మందిలో 80 మంది పదిన్నరకూ పన్నెండున్నరకూ మధ్యే వచ్చారు. మిగతా నాలుగు గంటలకు కలిపి వందమంది. అంటే ఉదయం గంటకు 40, మిగతా వేళల్లో గంటకు 25. రోజు సగటు గంటకు 30 అన్నమాట నిజమే కానీ, నిజంగా గంటకు 30 మంది వచ్చే గంట ఆ రోజులో ఒక్కటీ లేదు.

గంటకు 40 మంది అంటే 160 నిమిషాల పని. మూడు కౌంటర్లకు గంటలో ఉన్న సమయం 180 నిమిషాలు. ఇంకా 20 నిమిషాలు మిగులుతున్నాయి కదా, వరుస ఎందుకు పడాలి? ఖాతాదారులు నిమిషంన్నరకు ఒకరు చొప్పున గడియారం చూసుకుని వస్తే, అందరి పనీ సరిగ్గా 4 నిమిషాల్లో ముగిస్తే, వరుస పడదు. కానీ అయిదు నిమిషాలు ఎవరూ రారు, తర్వాత ఒక్క నిమిషంలో నలుగురొస్తారు. ఎవరూ రాని అయిదు నిమిషాల్లో క్లర్కు ఖాళీగా ఉంటాడు. ఆ ఖాళీని దాచి నలుగురూ వచ్చినప్పుడు వాడుకోలేడు. పోయిన సమయం పోయినట్టే, వచ్చిన వరుస మాత్రం తరిగేదాకా నిలిచి ఉంటుంది. మిగులు తక్కువయ్యేకొద్దీ ఆ తరుగుదల నెమ్మదిస్తుంది.

ఎర్లాంగ్ సూత్రం ప్రకారం గంటకు 40 మందికి మూడు కౌంటర్లుంటే సగటు నిరీక్షణ దాదాపు 9.6 నిమిషాలు. ఇందులో వెంటనే పని జరిగినవాళ్లూ ఉన్నారు. సగటు చూసి ఎవరూ ఫిర్యాదు చేయరు, తమకు పట్టిన సమయం చూసి చేస్తారు. ఆ లెక్కా సూత్రమే చెబుతుంది: నూటికి 23 మంది పావుగంటకు పైగా నిలబడతారు. గొంతు పెంచినాయన ఆ ఇరవై ముగ్గురిలో ఒకడు.

నాలుగో కౌంటరు తెరిస్తే? మనుషులు మూడో వంతు పెరిగారు కాబట్టి నిరీక్షణ కూడా ఆ మేరకు తగ్గి ఆరేడు నిమిషాలు అవుతుందని చాలామంది ఊహిస్తారు. అవదు. 1.1 నిమిషాలకు పడిపోతుంది. పావుగంట దాటేవాళ్లు వెయ్యికి ఇద్దరో ముగ్గురో. అయిదో కౌంటరు కూడా తెరిస్తే 17 సెకన్లు.

కౌంటర్ల సంఖ్య తేల్చాల్సింది ఇక్కడే. నాలుగో క్లర్కు ఒక గంట కూర్చుంటే ఆ గంటలో వచ్చిన 40 మందికీ తలా ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున మిగులుతుంది, అంటే మొత్తం 5.6 గంటలు. ఒక ఉద్యోగి గంట ఖర్చు పెట్టి అయిదున్నర గంటల జనం సమయం కొన్నట్టు. అయిదో క్లర్కు గంట ఖర్చు పెట్టి మిగిల్చేది 34 నిమిషాలే. అందుకే ఉదయం ఆ రెండు గంటలకు నాలుగు కౌంటర్లు సరైన సంఖ్య, అయిదోది దండగ. మధ్యాహ్నం గంటకు 25 మందికి మూడు కౌంటర్లుంటే నిరీక్షణ నిమిషంలోపే. ఇద్దరున్నా నడుస్తుంది గదా అని మూడోవాళ్లను లోపలి పనికి పంపితే మాత్రం 9 నిమిషాలు దాటుతుంది. కాబట్టి కొత్త ఉద్యోగం అడగనక్కరలేదు. లోపల ఫైళ్లు చూసే ఒకరు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా వచ్చి కౌంటర్లో కూర్చుని, ఫైళ్ల పని మధ్యాహ్నానికి మార్చుకుంటే చాలు.

మూడు కౌంటర్లతోనే సర్దుకుందామనే మేనేజర్ ఒక్కటి చూసుకోవాలి. గంటకు 40 కాక 42 మంది వస్తే సగటు నిరీక్షణ పదిహేడున్నర నిమిషాలు అవుతుంది. 44 మంది అదే తీరున వస్తూ ఉంటే సూత్రం 57 నిమిషాలంటుంది. పెరిగింది నలుగురే. అదే 44 మందికి నాలుగు కౌంటర్లుంటే రెండు నిమిషాల లోపే. క్లర్కులకు ఊపిరాడనంత పని ఉంటేనే శాఖ సమర్థంగా నడుస్తోందనుకునే పై అధికారులు కొందరుంటారు. కౌంటర్లు నూటికి 95 పాళ్లు పనిలో మునిగి ఉన్న హాలంటే, నలుగురు అదనంగా వస్తే తలకిందులయ్యే హాలు.

అయితే ఆ 57 నిమిషాలను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. ఎర్లాంగ్ సూత్రం ఒకే వేగంతో చాలాసేపు సాగే రాకపోకలకు చెప్పింది. ఉదయపు రద్దీ రెండు గంటలే. వరుస అంత పెరిగేలోపే పన్నెండున్నర అవుతుంది. ఇక వచ్చేవాళ్లు చేయగలిగినవాళ్లకంటే ఎక్కువైన రోజున ఆ సూత్రం అసలు జవాబే ఇవ్వదు. నెల మొదట్లో పింఛన్ల రోజునో, రెండో శనివారం, ఆదివారం సెలవుల తర్వాత దుకాణదారులు వసూళ్లన్నీ పట్టుకొచ్చే సోమవారమో గంటకు 55 మంది వచ్చారనుకోండి. మూడు కౌంటర్లు గంటకు చేయగలిగింది 45. అప్పుడు కూడికలు తీసివేతలే దారి. వరుస గంటకు పదిమంది చొప్పున పెరిగి, పన్నెండున్నరకు 20 మంది దాకా మిగులుతారు. చివరివాడు దాదాపు 27 నిమిషాలు ఆగాలి. తర్వాత గంటకు 25 మందే వస్తారు కాబట్టి ఆ వరుస కరగడానికి ఇంకో గంట. ఒంటిగంటన్నర దాకా ఎవరూ భోజనానికి లేవకపోతేనే సుమా.

ఇంతవరకూ అందరూ ఒకే వరుసలో ఉంటారనే లెక్క వేశాం. పాత పద్ధతిలో కౌంటరుకొక వరుస ఉండేది. అప్పుడు మన ఉదయపు 40 మంది మూడు వరుసలుగా విడిపోయి, ఎవరి వరుసలో వాళ్లే కదలకుండా నిలబడితే సగటు నిరీక్షణ 9.6 నిమిషాలు కాదు, 32 నిమిషాలు. అంతే మనుషులు, అంతే వేగం. ఒక వరుసలో ముందున్నాయన చిరిగిన నోట్ల కట్ట విప్పితే ఆయన వెనకవాళ్లంతా ఇరుక్కుంటారు. పక్క కౌంటరు ఖాళీ అయినా దాని ఫలం వాళ్లకు అందదు. నిజానికి మనవాళ్లు కదలకుండా నిలబడరు, పక్క వరుస కదిలితే అటు గెంతుతారు. కాబట్టి తేడా ఇంత ఉండదు, కానీ ఉంటుంది. టోకెన్ మెషీన్ చేసే అసలు మేలు ఇదే. కౌంటర్లు ఎన్నున్నా వరుస ఒకటే అవుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. ఒకే వరుస మంచిదయితే, చిన్న పనులకు వేరే కౌంటరు, పెద్ద పనులకు వేరే కౌంటరు అని విడదీయడం మంచిదా చెడ్డదా? దీనికి సగటు 4 నిమిషాలను విప్పి చూడాలి. మన శాఖలో ఉదయం గంటకు వచ్చే 40 మందిలో 36 మంది డబ్బు కట్టడానికో, తీసుకోవడానికో వచ్చినవాళ్లు. వాళ్లకు తలా 2 నిమిషాల 40 సెకన్లు. మిగతా నలుగురికి కేవైసీ మార్చుకోవడం, ఖాతాకు నామినీ పేరు చేర్చడం, పోయిన పాస్‌బుక్కు బదులు కొత్తది తీసుకోవడం లాంటి పనులు, తలా 16 నిమిషాలు. కలిపితే గంటకు అదే 160 నిమిషాల పని, అదే 4 నిమిషాల సగటు. గంటలో జరిగే పనిలో నూటికి 40 పాళ్లు ఆ నలుగురిదే.

సరే, మూడో కౌంటరును ఆ నలుగురికీ కేటాయిద్దాం అంటారు ఎవరైనా. రెండు కౌంటర్లు 36 మందిని చూసుకుంటాయి. నిరీక్షణ అయిదు నిమిషాల లోపే. బాగానే ఉంది. కానీ నలుగురికి పదహారేసి నిమిషాలంటే 64 నిమిషాలు. గంటకు ఉన్నవి 60. ఆ కౌంటరు ముందు వరుస తరగదు, పెరుగుతూనే ఉంటుంది. కేవైసీకి వచ్చిన పెద్దాయన మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సిందే. బోర్డు మీద ‘సేవల విభజన’ అని చక్కగా రాసినా, సిబ్బంది పెరగకుండా ముక్కలు చేస్తే ఒక ముక్క ఖాళీగానూ ఒక ముక్క కిక్కిరిసీ ఉంటుంది.

కౌంటరును కాకుండా వేళను విడదీస్తే లెక్క మారుతుంది. ఆ నలుగురి పనీ అప్పటికప్పుడు కావాల్సింది కాదు. “రెండున్నరకు రండి, మీ పేరు రాసి ఉంచుతాం, ఈ కాగితాలు తెచ్చుకోండి” అని చెప్పి చీటీ ఇచ్చి పంపగలిగితే, ఉదయం మిగిలిన 36 మందికి మూడు కౌంటర్లూ దక్కుతాయి. నిరీక్షణ అర నిమిషం. అంటే నాలుగో కౌంటరు తెరిచిన దానికంటే మెరుగు, ఒక్క మనిషినీ అదనంగా తేకుండా. వచ్చేవాళ్లను వేళల వారీగా సర్దడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. తిరుమలలో సర్వదర్శనానికి ఇచ్చే టైమ్‌స్లాట్ టోకెన్లది ఇదే సూత్రం. చిత్తూరు నుంచి పల్లె బస్సులో వచ్చి, తిరుగు బస్సు పన్నెండుకే ఉన్నవాళ్లకు మాత్రం రెండున్నర చీటీ ఇస్తే అది సేవ కాదు, శిక్ష. అలాంటివాళ్లు ఎక్కువగా వచ్చే పల్లె శాఖలో నాలుగో కౌంటరే మేలు.

ఈ లెక్కలన్నీ నిలబడాలంటే కింద ఉన్న వివరాలు నిఖార్సుగా ఉండాలి. అవి తప్పుదారి పట్టించే తీరులు కొన్ని ఈ పని చేసేవాళ్లకు బాగా ఎరుక. టోకెన్ మెషీన్ మనిషి వచ్చిన సమయం రాయదు, టోకెన్ తీసిన సమయం రాస్తుంది. ముందు ఫారం నింపుకుని తర్వాత టోకెన్ తీస్తే ఆ పది నిమిషాలు లెక్కకే రావు. పిలిచినా రాని టోకెన్‌ను క్లర్కు మూడు సెకన్లలో దాటించేస్తే, అది మూడు సెకన్లలో పూర్తయిన పనిగా నమోదై సగటును కిందికి లాగుతుంది. పని అయ్యాక ‘తర్వాతి టోకెన్’ మీట నొక్కకుండా టీ తాగి వస్తే సగటు పైకి పోతుంది.

ఇలాంటిదే ఒకటి ఇజ్రాయెల్‌లో ఒక బ్యాంకు కాల్ సెంటర్ వివరాలలో దొరికింది. 1999లో ఏడాది పొడవునా వచ్చిన కాల్స్‌ను గణాంక శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. మాట్లాడిన సమయాల పట్టికలో పది సెకన్ల లోపు కాల్స్ అసహజంగా ఎక్కువ కనిపించాయి. తవ్వి చూస్తే, కొందరు ఉద్యోగులు కాస్త విశ్రాంతి కోసం ఫోన్ ఎత్తి వెంటనే పెట్టేస్తున్నారని తేలింది. సగటు ఒక్కటే చూసుకుంటే వాళ్లు అందరికంటే చురుకైనవాళ్లుగా లెక్కలోకి వచ్చేవారు. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది. కాల్స్ రాక ఎర్లాంగ్ ఊహించిన తీరుకు బాగా దగ్గరగా ఉంది, మాట్లాడే సమయాలు మాత్రం ఆయన సూత్రం అనుకున్న ఆకారంలో లేవు. సూత్రం వాడేవాళ్లు ముందు తమ శాఖలో సేవా సమయాల వ్యాప్తిని కొలుచుకోవాలనడం అందుకే. మన శాఖలో చిన్న పనులు, పెద్ద పనులు కలిసిన ఆ పంపిణీలో సమయాల చెదురు సగటుతో సమానంగా ఉంది కాబట్టి లెక్క దాదాపు సరిపోయింది. అన్నిచోట్లా అలా సరిపోదు.

రాకపోకలు కూడా ఎప్పుడూ విడివిడిగా ఉండవు. పల్లె శాఖల్లో డ్వాక్రా సంఘాల వాయిదాల రోజు ఒక ఆటోలో అయిదారుగురు దిగుతారు. నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి స్నేహితులతో కలిసి వస్తారు. అందరూ ఒకేసారి వస్తే గంటకు అదే సంఖ్య అయినా వరుస సూత్రం చెప్పినదానికంటే పొడుగవుతుంది. ఇలాంటి రోజులను మామూలు రోజులతో కలిపి సగటు తీయడం కంటే విడిగా లెక్కించి, ఆ రోజులకు వేరే పట్టిక వేసుకోవడమే దారి.

రోజువారీ పనిలో మేనేజర్‌కు ఇంత లెక్క అక్కరలేదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చాలాకాలం పనిచేసిన జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం ఉంది, చెప్పుకోవడానికి ఒక్క వాక్యం: వేచి ఉన్నవారి సగటు సంఖ్య = గంటకు వచ్చేవారు × గంటల్లో సగటు నిరీక్షణ. దీన్ని తిరగేస్తే హాల్లోకి తొంగిచూసి నిరీక్షణ చెప్పవచ్చు. మనుషులు ఏ తీరున వస్తారు, పనికి ఎంత పడుతుంది అన్న ఊహలేవీ దీనికి అక్కరలేదు. గంటకు 40 మంది వచ్చి అంతమంది పని ముగించుకుని వెళ్లే వేళల్లో అయిదు నిమిషాలకొకసారి తలలు లెక్కిస్తే సగటున పన్నెండుమంది కనిపించారనుకోండి. అంటే సగటున 18 నిమిషాల నిరీక్షణ. టోకెన్ మెషీన్ 9 నిమిషాలు అంటే, మిగతా సగం ఎవరో ఎక్కడో దాచేశారన్నమాట. ఎక్కువగా అది ఫారం నింపే బల్ల దగ్గరే దొరుకుతుంది.

మార్పు చేశాక ఫలితం కొలిచేటప్పుడు ఇంకో సంగతి ఎదురవుతుంది. ఉదయం నాలుగో కౌంటరు తెరిచిన నెలలో గంటకు 40 కాదు, 43 మంది వచ్చినట్టు టోకెన్లు చెబుతాయి. ఖాతాదారులు పెరిగారని కాదు. ఇంతకుముందు తలుపు దగ్గరే వరుస చూసి వెనక్కి తిరిగినవాళ్లు ఇప్పుడు లోపలికి వస్తున్నారు. వాళ్లు ఏ టోకెన్ తీసుకోలేదు కాబట్టి పాత లెక్కలో ఎక్కడా లేరు. అందుకే కొత్త నెల వివరాలతో సూత్రాన్ని మళ్లీ ఒకసారి నడిపించాలి. 43 మందికీ నాలుగు కౌంటర్లున్నప్పుడు నిరీక్షణ రెండు నిమిషాలు దాటదు. అప్పటికి నాలుగు కౌంటర్లే చాలు. 50 మంది దాటితే మాత్రం, పెద్ద పనులను మధ్యాహ్నానికి మార్చే సంగతి మళ్లీ ఆలోచించాలి.